ఉద్యోగానికి హామీ లేదు, మరి దేనికి హామీ ఉంది?

ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్ చేతికి రాగానే ఇంట్లోవాళ్ల చూపు ముందు రెండు చోట్లకు వెళ్తుంది. నెలకు ఎంత ఇస్తారన్నది ఒకటి. చివర్లో ఉండే 'ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక ఉద్యోగం ఇస్తామని సంస్థ ఎలాంటి హామీ ఇవ్వడం లేదు' అన్న వాక్యం రెండోది. మొదటిది చూసి కాస్త సంతోషం, రెండోది చూసి కాస్త దిగులు. ఈ రెండింటికీ నడుమ, విద్యార్థి అక్కడ ఏం నేర్చుకుంటాడో చెప్పాల్సిన పేరా ఒకటి ఉంటుంది. చాలా ఉత్తరాల్లో అది ఒకటిన్నర లైనుకు మించదు. దాని గురించి ఎవరూ అడగరు కూడా.

నా దృష్టిలో ఆ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ పేరాయే. ఉద్యోగి పని చేస్తాడు, జీతం తీసుకుంటాడు. ఇంటర్న్‌కు వచ్చే స్టైపెండ్ జీతమంత ఉండదు, తరవాత ఉద్యోగం వస్తుందన్న మాటా లేదు. అలాంటప్పుడు ఆ పిల్లో పిల్లాడో తన రెండు నెలల కాలానికి బదులుగా ఇంటికి తెచ్చుకునేది నేర్చుకున్న పని ఒక్కటే. అసలు ప్రతిఫలం అదే అయినప్పుడు, దాన్ని కూడా రూపాయలంత కచ్చితంగా కాగితం మీద పెట్టాలి. ఉద్యోగం ఇవ్వమని ఒక్క మాటలో తేల్చి చెప్పిన ఉత్తరం, ఏం నేర్పుతామో కూడా అంతే తేటగా చెప్పినప్పుడే న్యాయమైన ఉత్తరం అవుతుంది.

ఇంటర్న్‌షిప్ ఇప్పుడు ఎవరో కొందరు సరదాపడి చేసేది కాదు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ పాఠ్యక్రమాన్ని మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చదువులో భాగం చేసింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏఐసీటీఈ లెక్క ప్రకారం సుమారు 40 నుంచి 45 గంటల ఇంటర్న్‌షిప్ పనికి ఒక క్రెడిట్. అంటే ఈ ఉత్తరాన్ని విద్యార్థి, సంస్థ మాత్రమే కాదు, కాలేజీ కూడా చదువుతుంది. మార్కులు దాని మీద ఆధారపడతాయి.

ఇలాంటి ఉత్తరాన్ని ఎలా చదవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు పూర్తిచేసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. పక్క ఊళ్లో ఓ మోస్తరు పాల డెయిరీ ఉంది. రోజూ పల్లెల నుంచి పాల క్యాన్లు వస్తాయి, ల్యాబ్‌లో ఇద్దరు కెమిస్టులు నాణ్యత పరీక్షలు చేస్తారు. ఆ ల్యాబ్‌లో వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఆమెను తీసుకుంటామని డెయిరీ ఉత్తరం పంపింది. మే 4 నుంచి రెండు నెలలు, నెలకు 6,000 రూపాయల స్టైపెండ్, 'నాణ్యత నియంత్రణ కార్యకలాపాలపై అవగాహన', ఉద్యోగానికి హామీ లేదు. మొత్తం నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కనూ విప్పి చూస్తే అందులో ఏం మిగిలిపోయిందో తెలుస్తుంది.

రెండు నెలలంటే ఎన్ని రోజులు?

ముందుగా కాలం సంగతి. 'రెండు నెలలు' అని రాస్తే సరిపోదు. మొదటి రోజు, చివరి రోజు తేదీలతో ఉండాలి. ఎందుకంటే కాలేజీ తిరిగి తెరిచే తేదీ ఒకటి ఉంటుంది, రిపోర్టు ఇవ్వాల్సిన తేదీ ఒకటి ఉంటుంది. మే 4 నుంచి రెండు నెలలంటే డెయిరీ లెక్కలో జూలై 3 దాకా. కాలేజీ జూన్ చివర్లో తెరిస్తే చివరి వారం ఎక్కడ ఉండాలో ఆమెకు తెలియదు. అదే 'మే 4 సోమవారం నుంచి జూన్ 27 శనివారం వరకు, ఎనిమిది వారాలు' అని రాస్తే ఆ గొడవే ఉండదు.

తేదీల తరవాత గంటలు. వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు గంటలు అనుకుంటే ఎనిమిది వారాలకు 48 రోజులు, 288 గంటలు. ఈ అంకె కాలేజీకి అవసరం. క్రెడిట్లు లెక్కకట్టేది గంటల మీదే కాబట్టి. అమ్మాయికీ అవసరం. డెయిరీ తెల్లవారుజామునే మొదలవుతుంది. పాల ట్యాంకర్లు ఐదింటికి వస్తే ల్యాబ్ కూడా ఐదింటికి తెరుచుకోవాలి. ఆమె బస్సు ఆరింటికి గాని లేదు. ఉత్తరంలో 'ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు' అని ఉంటే మూడో వారంలో ఎవరో వచ్చి 'రేపటి నుంచి మొదటి షిఫ్టుకు రామ్మా' అన్నప్పుడు ఆమె ఆ కాగితం చూపించి మాట్లాడగలదు.

సప్లిమెంటరీ పరీక్ష ఉంటే సెలవు ఎలా, ఎన్ని రోజులు రాకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు, మధ్యలో మానేయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి కూడా ఇక్కడే రావాలి. ఇద్దరికీ ఒకే గడువు ఉండటం న్యాయం. ఏడు రోజుల ముందు చెప్పి అమ్మాయి మానుకోవచ్చు, ఏడు రోజుల ముందు చెప్పి డెయిరీ ఆపేయవచ్చు, అప్పటిదాకా చేసిన రోజులకు స్టైపెండ్, హాజరు ధ్రువపత్రం ఇవ్వాలి. 'సంస్థ ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానైనా రద్దు చేయవచ్చు' అని ఒకవైపే రాసిన ఉత్తరాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆరో వారంలో అలా ఆపేస్తే ఆమె చేతిలో ఏ కాగితమూ ఉండదు, మరో చోట చేరడానికి సెలవులూ మిగలవు.

పొడిగింపు గురించి ఒక వాక్యం తప్పక ఉండాలి. గడువు దాటాక కొనసాగాలంటే కొత్త తేదీలతో, కొత్త లక్ష్యాలతో మరో ఉత్తరం ఇవ్వాలి. ఇది లేకపోతే రెండు నెలలు నాలుగవుతాయి, నాలుగు ఆరవుతాయి. కొత్తగా నేర్చుకునేది ఏమీ లేకుండా అదే పని తక్కువ డబ్బుకు సాగుతుంది.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు ఈ తేదీల సంగతి ఇంకా గట్టిది. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి చదువులో భాగంగా ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ అనుమతి కావాలి. ఆ అనుమతి ఫలానా సంస్థకు, ఫలానా తేదీల మధ్య కాలానికి మాత్రమే వస్తుంది. వారానికి 20 గంటల వరకైతే పార్ట్ టైమ్, అంతకు మించితే ఫుల్ టైమ్. అందుకే ఆఫర్ లెటర్‌లో పని చేసే చోటు, తేదీలు, గంటలు లేకపోతే యూనివర్సిటీ ఆఫీసు దాన్ని వెనక్కి పంపుతుంది. అనుమతి రాకముందు ఒక్క రోజు పని చేసినా వీసా హోదాకే ముప్పు. ఫుల్ టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితే ఆ డిగ్రీ స్థాయికి చదువు తరవాతి ఓపీటీ అవకాశం పోతుంది.

ఆరు వేలు ఎలా లెక్కేస్తారు?

'నెలకు 6,000' అన్నది చూసి ఇంట్లో పన్నెండు వేలని లెక్క వేసుకుంటారు. మే 4 నుంచి జూన్ 27 వరకు క్యాలెండరు రోజుల చొప్పున లెక్కిస్తే మే నెలలో 31 రోజులకు 28, జూన్‌లో 30 రోజులకు 27. మేకు 5,419, జూన్‌కు 5,400, కలిపి 10,819 రూపాయలు. డెయిరీ మోసం చేసిందని కాదు, లెక్క అలా వస్తుంది. అదే పని రోజుల లెక్కయితే మరోలా వస్తుంది. ఈ తేడా చివరి రోజున బయటపడితే మనసు నొచ్చుకుంటుంది. 'ఎనిమిది వారాలకు మొత్తం 12,000 రూపాయలు, రెండు వాయిదాల్లో, జూన్ 7న ఒకటి, జూలై 7న ఒకటి, విద్యార్థిని బ్యాంకు ఖాతాలోకి' అని రాస్తే ఎవరికీ అనుమానం మిగలదు. రాని రోజులకు ఎంత కోస్తారో కూడా అదే వాక్యం కింద రావాలి.

స్టైపెండ్ పక్కన ఖర్చుల సంగతి చూడాలి. ల్యాబ్‌లో పాల వెన్న శాతం కొలవడానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. ఆప్రాన్, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఎవరు ఇస్తారు? సంస్థే ఇవ్వాలి, ఆ మాట రాతలో ఉండాలి. క్యాంటీన్ భోజనం, బస్సు ఛార్జీలు ఇస్తారా లేదా అన్నది కూడా. ప్రమాదం జరిగితే వైద్యం ఖర్చు ఎవరు భరిస్తారు, ఇంటర్న్ పేరున ప్రమాద బీమా ఉందా అన్నది యాసిడ్‌తో, యంత్రాలతో, ఎత్తులో చేసే పనులకు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. ఉద్యోగులకు ఉండే రక్షణలన్నీ ఇంటర్న్‌కు వాటంతటవే వర్తిస్తాయని అనుకోకూడదు. ఒక రక్షణ మాత్రం చట్టమే ఇచ్చింది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం 'ఉద్యోగి' అన్న మాటలో ట్రైనీలను, అప్రెంటిస్‌లను కూడా కలిపింది. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. ఆ కమిటీని ఎలా సంప్రదించాలో ఉత్తరంలోనో, మొదటి రోజునో చెప్పడం మంచి సంస్థ లక్షణం.

పన్ను గురించి కూడా ఒక మాట. కొన్ని సంస్థలు స్టైపెండ్‌ను వృత్తిపరమైన ఫీజుగా చూపించి పది శాతం కోసి ఇస్తాయి. చిన్న మొత్తాలకు ఆ కోత సాధారణంగా రాదు. పెద్ద ఐటీ సంస్థల్లో నెలకు ముప్ఫై, నలభై వేలు ఇచ్చే చోట వస్తుంది. కోసిన డబ్బు పోయినట్టు కాదు. విద్యార్థి పాన్ నంబరు మీద అది జమై ఉంటుంది. ఏడాది మొత్తం ఆదాయం పన్ను పరిమితికి లోపలే ఉంటే రిటర్న్ దాఖలు చేసి తిరిగి తీసుకోవచ్చు. అందుకే స్టైపెండ్‌ను ఏ పద్దు కింద ఇస్తారు, పన్ను కోస్తారా అని ముందే అడిగి పెట్టుకోవాలి.

డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందన్నది అన్నిటికన్నా పెద్ద గుర్తు. రిజిస్ట్రేషన్ ఫీజు అనీ, శిక్షణ సామగ్రి అనీ, తిరిగి ఇచ్చే డిపాజిట్ అనీ విద్యార్థినే డబ్బు కట్టమంటే అది ఇంటర్న్‌షిప్ పేరుతో అమ్ముతున్న కోర్సు, లేదా సర్టిఫికెట్ వ్యాపారం. ఉత్తరం కింద సంతకం చేసినవారి పేరు, హోదా, సంస్థ చిరునామా లేకపోయినా అనుమానించాలి. కంపెనీ అయితే దానికి ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో దాన్ని ఎవరైనా చూసుకోవచ్చు.

నేర్చుకునేది కొలవగలిగేలా ఉండాలి

ఇప్పుడు అసలు పేరా. డెయిరీ రాసిన 'నాణ్యత నియంత్రణ కార్యకలాపాలపై అవగాహన' అన్న మాటలో తప్పేమీ లేదు, కానీ అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎనిమిది వారాలు ల్యాబ్ గుమ్మంలో కూర్చున్నా అవగాహన వచ్చిందనే అనవచ్చు. గాజు సామాను కడిగించి, పాల సేకరణ రిజిస్టర్లు కంప్యూటరులోకి ఎక్కించి పంపినా ఆ వాక్యం నెరవేరినట్టే.

అదే పేరాను ల్యాబ్ కెమిస్టు కూర్చుని రాస్తే ఎలా ఉంటుందో చూడండి. మొదటి వారం భద్రత, నమూనా తీయడం. క్యాన్‌లో పాలు బాగా కలిపి నమూనా ఎలా తీయాలి, నమూనాకు గుర్తు ఎలా వేయాలి, యాసిడ్ ఒలికితే ఏం చేయాలి. రెండు, మూడు వారాలు లాక్టోమీటరు. పాల ఉష్ణోగ్రతను బట్టి రీడింగును సవరించి, వెన్న కాని ఘనపదార్థాల శాతం, అంటే డెయిరీల్లో అందరూ ఎస్‌ఎన్‌ఎఫ్ అనేది, లెక్కకట్టడం. నాలుగు, ఐదు వారాలు గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం. బ్యూటైరోమీటరులో పది మిల్లీలీటర్ల యాసిడ్, దానిమీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, మూత బిగించి, కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 65 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి రీడింగు చూడటం. ఆరు, ఏడు వారాలు మిథిలీన్ బ్లూ పరీక్ష. పాలలో ఆ నీలిరంగు ఎంతసేపట్లో పోతుందో చూసి సూక్ష్మజీవుల తాకిడి ఏ మేరకు ఉందో అంచనా వేయడం. చివరి వారం రిపోర్టు.

ఇది పాఠాల జాబితా. దీన్ని లక్ష్యంగా మార్చేది కొలత. 'ఒకే నమూనాను రెండుసార్లు గెర్బర్ పద్ధతిలో పరీక్షిస్తే రెండు రీడింగుల మధ్య తేడా 0.1 శాతానికి మించకూడదు. ఇలా వరసగా పది నమూనాలకు చేసి చూపించాలి.' ఈ ఒక్క వాక్యం ఎన్ని పనులు చేస్తుందో గమనించండి. అమ్మాయికి ఎక్కడిదాకా వెళ్లాలో తెలుస్తుంది. కెమిస్టుకు ఆమెను యాసిడ్ సీసా దగ్గరికి ఏ వారంలో తీసుకెళ్లాలో తెలుస్తుంది. కాలేజీ మాస్టారికి వైవాలో ఏం అడగాలో తెలుస్తుంది. రేపు మరో డెయిరీలోనో, ఆహార పరీక్షల ల్యాబ్‌లోనో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు 'గెర్బర్ చేయగలవా?' అంటే ఆమె తల ఎత్తి అవునని చెప్పగలుగుతుంది. ఉద్యోగానికి హామీ ఇవ్వని ఇంటర్న్‌షిప్ ఇవ్వగలిగిన అతి పెద్ద ఆస్తి అదే.

లక్ష్యాలతో పాటు మనిషి కూడా కావాలి. నేర్పే బాధ్యత ఎవరిదో పేరుతో, హోదాతో ఉండాలి. 'సంస్థలోని సిబ్బంది మార్గదర్శనంలో' అంటే ఎవరి బాధ్యతా కాదు. వారానికి ఒకసారి, ఉదాహరణకు శనివారం అరగంట, మెంటర్ ఆమె లాగ్ బుక్ చూసి సంతకం పెట్టాలని రాసుకోవాలి. మామూలు పనులకు ఒక హద్దు పెట్టడం కూడా మంచిదే. గాజు సామాను కడగడం ల్యాబ్ పనిలో భాగమే. సరిగా కడగని బ్యూటైరోమీటరు తప్పు రీడింగు ఇస్తుంది కాబట్టి అదీ నేర్చుకోవాలి. కాని రోజులో ఒక గంట దాటకూడదని రాస్తే రెండు నెలలూ అదే పని కాకుండా ఉంటుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, సాధారణంగా మూడో వారంలో. రిజిస్టర్లు రాసే గుమాస్తా సెలవు పెడతాడు. కంప్యూటరు తెలిసిన పిల్ల ఉంది కదా అని ఆ పని ఆమెకు వస్తుంది. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. కాని వారం గడుస్తుంది, రెండు వారాలు గడుస్తాయి, లాగ్ బుక్‌లో వరసగా 'డేటా ఎంట్రీ' అన్న మాటే కనబడుతుంది. కొలత ఇదే. వరసగా ఐదారు రోజులు లాగ్ బుక్‌లో ఉత్తరంలోని ఏ లక్ష్యమూ కనిపించకపోతే ఇంటర్న్‌షిప్ దారి తప్పినట్టు. అప్పుడు ఫిర్యాదు చేయక్కర్లేదు. 'మేడమ్, ఈ వారం గెర్బర్ మొదలుపెట్టాలని మన షెడ్యూల్లో ఉంది కదా, రేపటి నుంచి ఉదయం రెండు గంటలు ల్యాబ్‌లో ఉండనా?' అని అడిగితే చాలు. ఆ అడిగే ధైర్యం ఇచ్చేది ఉత్తరంలోని ఆ నాలుగు లైన్లే. కాగితం లేకపోతే ఇదే ప్రశ్న పెద్దవాళ్లకు ఎదురు చెప్పినట్టు వినిపిస్తుంది.

ఇక్కడే మరో చిక్కు వస్తుంది. సంస్థ గోప్యత నిబంధన పెడుతుంది. లోపల చూసిందేదీ బయట చెప్పకూడదంటుంది. కాలేజీ ఏమో చేసిన పనిని రిపోర్టుగా రాసి, వైవాలో వివరించమంటుంది. రెండింటికీ సంతకం పెట్టిన విద్యార్థి ఆఖరి వారంలో ఇరుక్కుంటుంది. దీనికి పరిష్కారం కష్టం కాదు. పాలు పోసే కేంద్రాల పేర్లు, ధరలు, కొనుగోలుదారుల వివరాలు రిపోర్టులో రాకూడదు. పరీక్షా పద్ధతులు, పేర్లు లేని ఫలితాలు రాయవచ్చు. ముసాయిదా ఇచ్చిన ఐదు రోజుల్లో మెంటర్ చూసి ఇవ్వాలి. ఈ మూడు మాటలు ఉత్తరంలో ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఇంటర్న్ రాసిన కోడ్ ఎవరిదన్నది కూడా ఇలాగే ముందు తేల్చుకోవాలి. కోడ్ సంస్థదే అని ఉత్తరం చెప్పవచ్చు, తప్పు లేదు. కాని తాను ఏ భాగం మీద పని చేశానో రెజ్యూమెలో రాసుకునే వీలుండాలి.

'హామీ లేదు' అన్న మాట అర్థం

చివరి ముక్కకు వద్దాం. ఉద్యోగానికి హామీ లేదని రాయడం విద్యార్థిని చిన్నచూపు చూడటం కాదు. అది నిజాయితీ. డెయిరీలో రెండే కెమిస్టు పోస్టులుంటే, ఇద్దరూ ఉంటే, మూడో మనిషికి చోటు ఎక్కడ? ఆ సంగతి మొదటి రోజే చెబితే అమ్మాయి మూడో ఏడు చదువు, పీజీ ప్రవేశ పరీక్ష పక్కన పెట్టకుండా ఉంటుంది. సంస్థకూ ఇది కావాలి. రేపు 'రెండు నెలలు చేశాను, ఉద్యోగం ఇవ్వండి' అన్న వాదన రాకుండా.

ఇంటర్న్, అప్రెంటిస్ ఒకటి కాదని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. అప్రెంటిస్‌షిప్‌కు 1961 నాటి ప్రత్యేక చట్టం ఉంది. దాని ప్రకారం ఒప్పందం రిజిస్టర్ కావాలి, కనీస స్టైపెండ్ ఇవ్వాలి. మామూలు ఇంటర్న్‌షిప్ లెటర్‌కు అలాంటి చట్టపు కాపు లేదు. అందులో రాసుకున్న మాటలే ఆధారం. అందుకే రాయని మాటల మీద ఆశ పెట్టుకోకూడదు.

ఈ వాక్యం పక్కన రెండు రకాల మాటలు వస్తాయి. ఒకటి మెత్తని మాట. 'పనితీరు బాగుంటే ఉద్యోగానికి పరిశీలిస్తాం' అన్నది. అది హామీ కాదు. ఇంటర్వ్యూలో ఎవరో నోటితో అన్న మాట కూడా కాదు. పైగా చాలా ఉత్తరాల్లో 'ఇందులో రాసినవి తప్ప వేరే ఒప్పందాలేవీ లేవు' అన్న వాక్యం ఉంటుంది. నోటిమాటను అది తుడిచేస్తుంది. నిజంగానే ఇంటర్న్‌లలో కొందరిని తీసుకునే ఆలోచన సంస్థకు ఉంటే, ఏ ప్రమాణం మీద ఎంచుతారు, ఏ తేదీలోగా చెబుతారు అన్న రెండూ రాయమనాలి. తేదీ ఉంటే, ఆ రోజు దాటాక ఎదురుచూపు మానేసి విద్యార్థి వేరే దారి చూసుకోవచ్చు.

రెండోది గట్టి మాట. ఉద్యోగం ఇస్తామని చెప్పదు కాని, ఇస్తే రెండేళ్లు చేసి తీరాలంటుంది, లేదా ఇంటర్న్‌షిప్ అయ్యాక ఏడాది దాకా ఇదే రంగంలో మరో సంస్థలో చేరకూడదంటుంది. బయటికి వచ్చేశాక వేరే చోట పని చేయకూడదనే షరతును భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెల్లనిదిగా చూస్తుంది. మధ్యలో మానేస్తే లక్ష కట్టాలన్న షరతు పెట్టినా, అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే తప్ప రాసిన అంకె మొత్తం కాదు. కాని కోర్టుదాకా వెళ్లే ఓపిక ఏ విద్యార్థికి ఉంటుంది? సంతకానికి ముందే ఆ లైను తీయించుకోవడం తేలిక. టెన్త్ మెమో, ఇంటర్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లమన్న సంస్థకు నకళ్లు మాత్రమే ఇవ్వాలి.

'హామీ లేదు' అని రాసినంత మాత్రాన సంస్థ బాధ్యత తీరిపోదని అమెరికాలో నడిచిన ఒక కేసు బాగా చూపిస్తుంది. 'బ్లాక్ స్వాన్' సినిమా నిర్మాణంలో జీతం లేకుండా పనిచేసిన ఇంటర్న్‌లు ఫాక్స్ సర్చ్‌లైట్ సంస్థ మీద కోర్టుకెక్కారు. 2015లో అక్కడి అప్పీలు కోర్టు ఇలాంటి కేసుల్లో ఏం చూడాలో ఏడు అంశాలు చెప్పింది. 2018లో అమెరికా కార్మిక శాఖ కూడా అదే పద్ధతిని తీసుకుంది. ఉద్యోగం రాదని ఇద్దరికీ ముందే తెలుసా అన్నది ఆ ఏడింటిలో ఒకటి మాత్రమే. మిగిలిన వాటిలో శిక్షణ చదువులాగా ఉందా, కాలేజీ పాఠాలతో ముడిపడి ఉందా, నేర్చుకోవడానికి ఉపయోగపడినంత కాలమే సాగిందా, జీతగాళ్ల పనిని ఇంటర్న్ చేత లాగిస్తున్నారా అన్నవి ఉన్నాయి. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. కాని ఆ తూకం ఇక్కడా సరైనదే. గుమాస్తా కుర్చీలో రెండు నెలలు కూర్చోబెట్టి, కాగితం మీద ఇంటర్న్ అని రాస్తే అది ఇంటర్న్‌షిప్ కాదు.

సంతకానికి ముందు ఒక జవాబు

ఉత్తరం వచ్చిన రోజే సంతకం చేసి పంపాలన్న తొందర అక్కర్లేదు. రెండు, మూడు రోజుల్లో ఒక మర్యాదైన జవాబు రాసి, ఖాళీలు పూరించమని అడగవచ్చు. మన ఉదాహరణలోని అమ్మాయి ఇలా రాస్తే సరిపోతుంది:

'నమస్కారమండీ. మీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మా కాలేజీకి సమర్పించడానికి ఉత్తరంలో కొన్ని వివరాలు చేర్చగలరని కోరుతున్నాను. ఇంటర్న్‌షిప్ మే 4 నుంచి జూన్ 27 వరకు అని, వేళలు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు అని తెలుపగలరు. స్టైపెండ్ మొత్తం ఎంత, ఏ తేదీల్లో ఇస్తారో రాయగలరు. లాక్టోమీటరు, గెర్బర్, మిథిలీన్ బ్లూ పరీక్షలు స్వయంగా చేసే అవకాశం, నాకు మెంటర్‌గా ఉండేవారి పేరు చేర్చగలరు. పేర్లు లేకుండా ఫలితాలను కాలేజీ రిపోర్టులో రాసుకోవడానికి అనుమతి కోరుతున్నాను. ఇంటర్న్‌షిప్ తరవాత ఉద్యోగానికి హామీ లేదన్న విషయం నాకు అర్థమైంది, నాకు సమ్మతమే.'

ఆ చివరి వాక్యం ముఖ్యం. విద్యార్థి ఉద్యోగం అడగడం లేదని, నేర్చుకోవడం గురించి మాత్రమే అడుగుతోందని చదివేవారికి అర్థమవుతుంది. దీనికి చాలా సంస్థలు సులువుగానే ఒప్పుకుంటాయి. ఉత్తరం రాసేవారు మానవ వనరుల విభాగంలోవాళ్లు. ల్యాబ్‌లో ఏం నేర్పుతారో వాళ్లకు తెలియక ఆ పేరా అలా వదిలేస్తారు. అడిగితే కెమిస్టుకు పంపి రాయించి ఇస్తారు.

సవరించిన ఉత్తరం మీద సంస్థ తరఫున అధికారం ఉన్నవారు, విద్యార్థి సంతకాలు చేయాలి, ఒక ప్రతి కాలేజీకి వెళ్లాలి. పాలిటెక్నిక్ విద్యార్థులు ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వెళ్లేనాటికి కొందరికి పద్దెనిమిది నిండవు. మైనర్ సంతకం చేసిన ఒప్పందం చెల్లదు కాబట్టి వాళ్ల విషయంలో తల్లి, తండ్రి లేదా సంరక్షకుడు కూడా సంతకం చేయాలి.

అడిగిన ఈ వివరాలు రాయడానికి సంస్థ ఒప్పుకోకపోతే? స్టైపెండ్ తక్కువైనా, అసలు లేకపోయినా, నేర్పేది స్పష్టంగా రాసిన చోటుకు వెళ్లమని నేను చెబుతాను. ఎనిమిది వేలు ఇచ్చి రిజిస్టర్లు రాయించే చోటు కన్నా, బస్సు ఛార్జీలు మాత్రమే ఇచ్చి పది నమూనాలకు గెర్బర్ చేయించే చోటు ఆ అమ్మాయికి ఎక్కువ ఇస్తుంది. ఇంటికి ఆ డబ్బు తప్పనిసరైతే అది వేరే లెక్క. అప్పుడు దాన్ని వేసవి పనిగానే చూసి, పనికి తగ్గ కూలి అడగాలి. రెండూ కాని చోట, అంటే సరైన డబ్బూ లేక, నేర్పేదీ లేక, కేవలం 'ఉద్యోగానికి హామీ లేదు' అన్న ఒక్క మాటే స్పష్టంగా ఉన్న ఉత్తరం మీద సంతకం చేయకపోవడమే మంచిది.